ఖాళీ మెసేజ్‌కి ఏం జవాబు చెప్పాలి?

ఇళ్ల కరెంటు బిల్లుల గురించి అడిగితే జవాబు చెప్పే చాట్ ఒకటి ఉందనుకుందాం. దానికి ఒక మెసేజ్ వచ్చింది: yfndng. చూసినవాళ్లెవరైనా కీబోర్డు మీద పొరపాటున చెయ్యి పడిందనే అనుకుంటారు. నిజానికి అది తెలుగు మాట. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అలవాటున్న మనిషి, కంప్యూటర్ ఇంకా ఇంగ్లీషులోనే ఉందని గమనించకుండా ‘బిల్లు’ అని టైపు చేస్తే తెర మీద పడే అక్షరాలు సరిగ్గా ఇవే. బ కోసం y, గుడికి f, ల కోసం n, పొల్లుకి d, మళ్లీ ల కోసం n, చివర కొమ్ముకి g.

ఆ చాట్ వెనకున్న భాషా నమూనా దీనికి ఏం జవాబు చెప్పాలి? అర్థం కాలేదనాలా? పట్టించుకోకుండా ‘నమస్కారం, మీకెలా సాయం చేయగలను’ అనాలా? ఏదో ఒకటి ఊహించి గత నెల బిల్లు వివరాలు ముందు పెట్టాలా? ఈ నిర్ణయం నమూనా అప్పటికప్పుడు తీసుకునేది కాదు, తీసుకోకూడదు. దాన్ని ముందే ఒక మనిషి కూర్చుని రాసిపెట్టాలి. చాట్ తయారుచేసేవాళ్లు ‘సిస్టమ్ ప్రాంప్ట్’ అని పిలిచే సూచనలో ఇది ఒక పేరా. వినియోగదారుడికి కనిపించదు. ప్రతి జవాబుకీ ముందు నమూనా మాత్రం దాన్ని చదువుకునే వస్తుంది. నువ్వెవరు, ఎవరితో మాట్లాడుతున్నావు, ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నీ అందులోనే ఉంటాయి. రాసేవాళ్లు సాధారణంగా మంచి ప్రశ్నలకు మంచి జవాబులు ఎలా ఇవ్వాలన్న దాని మీదే శ్రద్ధంతా పెడతారు. ఖాళీ మెసేజ్, చెదిరిపోయిన మాట, రెండర్థాల వాక్యం వస్తే ఏం చేయాలన్నది చివర్లో ఒక్క వాక్యంతో సరిపెడతారు. చాట్ పరువు పోయేది మాత్రం ఎక్కువగా అక్కడే.

ఎందుకంటే ఈ నమూనాలకు మౌనంగా ఉండటం రాదు. ఇచ్చిన అక్షరాల తర్వాత ఏది రావడానికి అవకాశం ఎక్కువో దాన్ని ముక్కముక్కగా రాసుకుంటూ పోవడమే వాటి పని. ఇచ్చింది అర్థవంతమైనా, అర్థం లేనిదైనా ఆ పని ఆగదు. ఏమీ అడగకపోయినా జవాబు తయారవుతుంది, అదీ మంచి తెలుగులో, తడబాటు లేకుండా. చదివేవాళ్లకు అనుమానం రాకపోవడానికి ఆ తడబాటు లేకపోవడమే కారణం.

ఇది కొత్త చిక్కేమీ కాదు. ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ తయారుచేసిన ఎలైజా ప్రోగ్రాం గురించి 1966లో ఆయన రాసిన వ్యాసంలోనే దీనికో ఏర్పాటు కనిపిస్తుంది. మనిషి రాసిన వాక్యంలో తనకు తెలిసిన మాట ఒక్కటీ దొరక్కపోతే ఎలైజా ‘ఇంకా చెప్పండి’ లాంటి ఏ అర్థానికీ కట్టుబడని మాట అనేది, లేదా ఆ మనిషి ఇంతకు ముందు చెప్పిన సంగతినే మళ్లీ ఎత్తుకునేది. అర్థం కాకపోవడాన్ని కప్పిపుచ్చే పద్ధతి అది. మానసిక వైద్యుడిలా నటించే ప్రోగ్రాంకి అది సరిపోయింది. బిల్లు కట్టే గడువు రేపటితో అయిపోతుందని కంగారుపడుతున్న మనిషికి అలాంటి మాట చెప్తే అది దగా అవుతుంది.

ముందు ఖాళీ మెసేజ్ సంగతి చూద్దాం. ఇది చూడ్డానికి అన్నిటికన్నా తేలిక. అసలు ఖాళీ మెసేజ్ ఎందుకు వస్తుందో తెలుసుకుంటే అంత తేలిక కాదని తెలుస్తుంది. ఏమీ రాయకుండా పంపే బటన్ నొక్కేవాళ్లు తక్కువ. ఎక్కువగా జరిగేది వేరు. ఒకావిడ బిల్లుకు ఫోటో తీసి పంపుతుంది, కింద ఏమీ రాయదు. మధ్యలో ఉన్న ప్రోగ్రాం మెసేజ్‌లోని అక్షరాలను మాత్రమే తీసుకుని నమూనాకు అందిస్తుంది. అక్షరాలు లేవు కాబట్టి అందేది ఖాళీ. వాయిస్ మెసేజ్‌ని అక్షరాల్లోకి మార్చే దశ విఫలమైనా అంతే, స్టిక్కర్ పంపినా అంతే. అంటే నమూనాకు ఖాళీగా కనిపించిన చాలా సందర్భాల్లో మనిషి ఏదో ఒకటి పంపే ఉంటారు. ‘మీరేమీ రాయలేదు’ అని ఆవిడకు జవాబు వెళ్తే అది అబద్ధం. ‘మీ మెసేజ్‌లో అక్షరాలేవీ నాకు అందలేదు. ఫోటో గానీ వాయిస్ గానీ పంపి ఉంటే నేను దాన్ని చూడలేను. మీ ప్రశ్న రాసి పంపండి’ అంటే నిజం చెప్పినట్టూ ఉంటుంది, ఆవిడకు దారీ తెలుస్తుంది.

ఈ జవాబు చెప్పడానికి నమూనా అక్కర్లేదు. అక్షరాలున్నాయో లేవో మామూలు ప్రోగ్రాం రెండు వరుసల్లో తేల్చేస్తుంది. అక్కడే తేల్చకపోతే ఏమవుతుందో చూడండి. చాలా చాట్‌లు వినియోగదారుడి మాటను ఒక చట్రంలో పెట్టి పంపుతాయి: ‘వినియోగదారుడి ప్రశ్న:’ అని, దాని పక్కన ప్రశ్న, కింద ‘జవాబు:’ అని. ప్రశ్న ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంటే నమూనా కొన్నిసార్లు తానే ఒక ప్రశ్నను ఊహించుకుని దానికి జవాబు రాసేస్తుంది. కొన్నిసార్లు తనకిచ్చిన సూచనకే జవాబు చెప్తుంది. ‘అర్థమైంది, ఈ నియమాల ప్రకారమే వినియోగదారులకు సాయం చేస్తాను’ అన్న వాక్యం, సూచన రాసిన ఉద్యోగికి వెళ్లాల్సింది, బిల్లు ఫోటో పంపినావిడ ఫోన్‌లో ప్రత్యక్షమవుతుంది. ఖాళీ మెసేజ్‌ని అసలు తీసుకోకుండా తప్పు చూపించే నమూనా సేవలు కూడా ఉన్నాయి. ఆ తప్పు రాకుండా ఉండటానికి కొందరు ప్రోగ్రామర్లు ఖాళీ చోట ఒక చుక్క పెట్టి పంపేస్తారు. అప్పుడు నమూనాకు వచ్చింది ఖాళీ అని కూడా తెలియదు. దానికి కనిపించేది ఒక చుక్క.

ఇక ఖాళీ అంటే ఏది ఖాళీ అన్న దగ్గర తెలుగుకు ఒక ప్రత్యేకమైన చిక్కుంది. స్పేసులు, వరుస మార్పులే కాక, యూనికోడ్‌లో వెడల్పే లేని అక్షరాలు కొన్ని ఉన్నాయి. కంటికి కనిపించవు, కానీ ప్రోగ్రాం లెక్కలో అవి అక్షరాలే. పైథాన్‌లో స్పేసులు తుడిచేసే strip() అనే మామూలు ఆజ్ఞ వీటిని ముట్టుకోదు. అందుకని కొందరు వచ్చిన మెసేజ్‌లో వాటిని ఎక్కడున్నా తీసేస్తారు. ఇంగ్లీషుకు దానివల్ల నష్టం లేదు. తెలుగులో ‘సాఫ్ట్‌వేర్’ అని రాసినప్పుడు ట్ తర్వాత వ ఒత్తుగా మారిపోకుండా ఆపేది అలాంటి అక్షరమే. దాన్ని తీసేస్తే ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. అందువల్ల మెసేజ్ మొత్తం అలాంటి అక్షరాలే అయితే ఖాళీగా లెక్కపెట్టాలి తప్ప, మెసేజ్‌లోంచి వాటిని ఏరిపారేయకూడదు.

```python
BLANK = " \t\r\n\u00a0\u200b\u200c\u200d\ufeff"

if not text.strip(BLANK):
    reply = EMPTY_REPLY
```

ఇక్కడ text చెక్కు చెదరదు. అంచుల్లో కనిపించనివన్నీ తీసేస్తే ఏమైనా మిగులుతుందా అని మాత్రమే చూస్తున్నాం. మిగలకపోతే ముందే రాసిపెట్టిన జవాబు వెళ్తుంది. ఏదైనా మిగిలితేనే నమూనా దాకా పోతుంది.

రెండోది రొద. ఇది వాయిస్ వచ్చాక పెద్దదైంది. పొలం గట్టు మీద నుంచో, బస్సులోంచో మాట్లాడి పంపిన మాటను ముందు ఒక గుర్తింపు యంత్రం అక్షరాల్లోకి మారుస్తుంది, ఆ అక్షరాలు చాట్ నమూనాకు అందుతాయి. నమూనా ఆ గొంతు వినదు. గాలి హోరు, మధ్యలో ఆగిన మాట, పక్కన టీవీ ఏవీ దానికి తెలియవు. గుర్తింపు యంత్రానికి కలిగిన అనుమానమంతా దారిలోనే చెరిగిపోయి, శుభ్రమైన వాక్యం ఒక్కటే దాని ముందుకొస్తుంది.

ఆ శుభ్రమైన వాక్యం ఎవరూ అననిది కూడా కావచ్చు. ఓపెన్ఏఐ సంస్థ 2022 సెప్టెంబరులో విడుదల చేసిన విస్పర్ అనే గుర్తింపు నమూనా దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. ఇంటర్నెట్‌లో దొరికిన 6,80,000 గంటల ఆడియోతో, దానికి జతగా ఉన్న రాతలతో దాన్ని తయారుచేశారు. ఎవరూ మాట్లాడని చోట అది ‘చూసినందుకు ధన్యవాదాలు’ లాంటి వాక్యాలు రాయడం వాడినవాళ్లు చాలామంది గమనించారు. వీడియోల చివర వచ్చే మాటలవి. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన అలిసన్ కోనెకీ, సహ పరిశోధకులు 2024లో ప్రచురించిన అధ్యయనంలో సుమారు 1 శాతం ఆడియో ముక్కలకు విస్పర్ ఎవరూ అనని పదాలను, వాక్యాలను కల్పించి రాసిందని తేలింది. ఆ కల్పనల్లో 38 శాతం హింస, తప్పుడు సంబంధాలు వంటివి ఉన్న, హాని చేయగల మాటలు. పక్షవాతం వంటి కారణాలతో మాట దెబ్బతిన్నవాళ్ల రికార్డింగులను కూడా ఆ అధ్యయనంలో పరిశీలించారు. మాటల మధ్య మౌనం ఎక్కువగా ఉన్నచోట కల్పనలూ ఎక్కువయ్యాయి. అంటే తడుముకుంటూ, ఆగుతూ మాట్లాడేవాళ్ల మాటల్లోనే యంత్రం సొంత మాటలు ఎక్కువ కలుస్తాయన్నమాట. చాట్ సాయం వాళ్లకే ఎక్కువ అవసరం.

విస్పర్‌లో దీన్ని పట్టుకోవడానికి ఒక ఏర్పాటుంది. ఆ ముక్కలో అసలు మాటే లేకపోయే అవకాశం ఎంతో no_speech_prob అనే సంఖ్యగా చెప్తుంది. అది 0.6 దాటితే ఆ ముక్కను వదిలేయాలన్నది మామూలు అమరిక. కానీ దానికో మినహాయింపు ఉంది. తాను రాసిన మాటల మీద యంత్రానికి నమ్మకం గట్టిగా ఉంటే, మౌనం అని అనిపించినా ఆ మాటలను ఉంచేస్తుంది. అలవాటైన వాక్యాల మీద యంత్రాలకు నమ్మకం గట్టిగానే ఉంటుంది కాబట్టి, ధీమాగా రాసిన కల్పన ఈ జల్లెడలోంచి జారిపోగలదు.

అందుకని సూచన రాసేవాళ్లు చేయాల్సినవి రెండు. మొదటిది, ఆ అనుమానాన్ని దారిలో పోనివ్వకుండా నమూనాకు చేర్చడం. గుర్తింపు యంత్రం ఇచ్చిన సంఖ్య తక్కువ నమ్మకాన్ని సూచిస్తే ప్రోగ్రాం ఆ మెసేజ్ పక్కన ‘సరిగ్గా వినిపించలేదు’ అన్న గుర్తు పెడుతుంది. ఆ గుర్తుకు అర్థమేమిటో సూచనలో రాస్తారు. రెండోది, వచ్చే అక్షరాలు మాటల్లోంచి మారినవని నమూనాకు చెప్పడం. ఈ ఒక్క వాక్యం లేకపోతే నమూనా ప్రతి తప్పునూ మనిషి కావాలని రాసినదానిగా తీసుకుంటుంది. ఉంటే, దగ్గరగా వినిపించే మాటను తనంతట తానే వెతుక్కుంటుంది. బిల్లుల చాట్‌లో ‘పిల్లు ఎక్కువ వచ్చింది’ అని వస్తే అది బిల్లేనని పట్టుకుంటుంది.

అంకెల దగ్గర మాత్రం ఈ తెలివి పనికిరాదు. ‘ఇరవై’, ‘అరవై’ రొదలో ఒకేలా వినిపిస్తాయి. మాట తప్పుగా పడితే చుట్టూ ఉన్న మాటలు దాన్ని సరిదిద్దుతాయి. అంకెకు ఆ తోడు లేదు. సర్వీస్ నంబరులో ఒక్క అంకె తప్పితే ఇంకొకరి బిల్లు తెరుచుకుంటుంది, అది కూడా సరైన బిల్లులాగే కనిపిస్తుంది. కాబట్టి అంకెలు వచ్చినప్పుడు తిరిగి చదివి వినిపించి, సరేననిపించుకున్నాకే ముందుకు పోవాలి.

‘ఊఁ’, ‘ఉహూఁ’ సంగతి కూడా చెప్పుకోవాలి. తెలుగువాళ్ల మాటల్లో మొదటిది అవును, రెండోది కాదు. గుర్తింపు యంత్రానికి రెండూ మాటల మధ్య వచ్చే చప్పుళ్లలాగే ఉంటాయి. ‘ఈ నంబరు మీదేనా?’ అని అడిగాక ఇలాంటి చిన్న శబ్దం ఒక్కటే వస్తే దాన్ని ఒప్పుకోలుగా తీసుకోకుండా, ‘అవును లేదా కాదు అని చెప్పండి’ అని అడగడం మేలు.

మూడోది అస్పష్టత. అక్షరాలు శుభ్రంగా ఉంటాయి, వాక్యమూ సరైనదే, కానీ అర్థాలు రెండు. ‘మా ఇంటికి కరెంటు కట్ చేశారు’ అని మెసేజ్ వచ్చింది. బిల్లు కట్టనందుకు కనెక్షన్ తీసేశారని కావచ్చు. కరెంటు కోత అని కూడా కావచ్చు. తెలుగులో రెండింటికీ ఇదే మాట. మొదటిదైతే బకాయి ఎంత, ఎక్కడ కట్టాలి, కనెక్షన్ ఎలా తిరిగి ఇస్తారన్నది చెప్పాలి. రెండోదైతే బిల్లుల చాట్‌కి దానితో పనిలేదు, 1912కి ఫోన్ చేయమనాలి. ఏదో ఒకటి ఊహించి జవాబిస్తే సగం మందికి అనవసరమైన జవాబు వెళ్తుంది. ‘దయచేసి వివరంగా రాయండి’ అంటే ఆ మనిషికి ఏం వివరించాలో తెలియదు. తన లెక్కలో తాను చెప్పాల్సిందంతా చెప్పేశాడు. ఇక్కడ అడగాల్సింది ‘మీ చుట్టుపక్కల ఇళ్లకు ఉందా, మీ ఒక్క ఇంటికే లేదా?’ అని. దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పొచ్చు, ఆ ఒక్క మాటతో దారి చాలావరకు తేలిపోతుంది. అనుభవమున్న లైన్‌మన్ ఫోన్ ఎత్తగానే అడిగేదీ ఇదే.

‘పోయిన నెల కంటే చాలా ఎక్కువ వచ్చింది’ అన్న మెసేజ్‌ని దీని పక్కన పెట్టి చూడండి. ఏది ఎక్కువ వచ్చిందో ఇందులో లేదు. కానీ ఇది బిల్లుల చాట్, ‘ఏది ఎక్కువ వచ్చింది?’ అని ఎదురు ప్రశ్న వేస్తే ఆ మనిషికి ఒళ్లు మండుతుంది. ఊహించాల్సిన చోట ఊహించడం, అడగాల్సిన చోట అడగడం వేర్వేరు. ఆ గీత ఎక్కడుందో నమూనాకు చెప్పడమే ఈ పేరా రాయడంలో అసలు కష్టం.

చాలామంది రాసే మొదటి ప్రతి ఇలా ఉంటుంది:

> ఇన్‌పుట్ ఖాళీగా గానీ అస్పష్టంగా గానీ ఉంటే మళ్లీ స్పష్టంగా అడగమని చెప్పాలి. ఎప్పుడూ ఊహించకూడదు.

రాసినవాళ్ల ఉద్దేశం మంచిదే. దీన్ని పెట్టాక మాత్రం చాట్ మొండికేస్తుంది. ‘bill ekkuva vachindi’ అని ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసినవాళ్లను కూడా ‘స్పష్టంగా రాయండి’ అంటుంది. నిజానికి మన ఫోన్లలో నడిచే తెలుగులో చాలా భాగం అదే. ‘ఎప్పుడూ’ అన్న మాటను నమూనా ఉన్నదున్నట్టు పాటిస్తుంది. భాషలో ప్రతి వాక్యాన్నీ ఎంతోకొంత ఊహించే అర్థం చేసుకోవాలి కాబట్టి, దానికి ప్రతిదీ అస్పష్టంగానే తోస్తుంది.

అప్పుడు మరమ్మతులు మొదలవుతాయి. ‘ఒకే పదం వస్తే వివరణ అడగాలి’ అని ఒక వాక్యం చేరుస్తారు. దాంతో చాట్ తానే ‘ఈ నంబరు మీదేనా?’ అని అడిగి, మనిషి ‘అవును’ అంటే, ‘దయచేసి మీ ప్రశ్న వివరంగా చెప్పండి’ అంటుంది. దానికింకో మినహాయింపు రాస్తారు. నమూనా జవాబుగా ఒక వాక్యం ఇస్తే, ఏది వచ్చినా ఆ వాక్యాన్నే అక్షరం పొల్లుపోకుండా వల్లెవేస్తుంది. నెల తిరిగేసరికి పేరా పేజీ అవుతుంది, అందులో సగం వాక్యాలు మిగతా సగానికి అడ్డుపడతాయి. మెసేజ్ పైకి ఎలా కనిపిస్తుందన్న దాన్ని బట్టి నియమాలు రాసినంతకాలం ఇది తెగదు. ఒకే పదం అన్నది పైరూపం. ఆ పదం ముందున్న ప్రశ్నకు జవాబా కాదా అన్నదే విషయం.

పనిచేసే పేరా పరిస్థితిని వివరిస్తుంది, కారణం చెప్తుంది, ఏ తప్పు ఎంత ఖరీదో చెప్తుంది. మన బిల్లుల చాట్‌కి అది ఇలా ఉండొచ్చు:

> ఇక్కడికి రాసేవాళ్లు ఇంటి కరెంటు బిల్లు గురించి అడిగే మామూలు వినియోగదారులు. చాలామంది మాట్లాడితే యంత్రం దాన్ని అక్షరాల్లోకి మార్చి పంపుతుంది; కొందరు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు. అందుకని తప్పు పడిన మాటలు, సగం వాక్యాలు, ఒక్క మాటతో వచ్చే జవాబులు మామూలే. అప్పటిదాకా జరిగిన సంభాషణతో కలిపి చదివితే అర్థం తేలుతున్నప్పుడు ఆ అర్థంతోనే జవాబు చెప్పాలి. ఏ అర్థంలో తీసుకున్నదీ జవాబులో తెలియాలి. పొరపాటైతే ఆ మనిషి వెంటనే సరిదిద్దగలగాలి.
>
> రెండు అర్థాలకు రెండు వేరు జవాబులు ఉన్నప్పుడే అడగాలి. ఒక్క ప్రశ్నే, ఒక్క మాటలో జవాబు చెప్పగలిగేది. సర్వీస్ నంబరు, డబ్బు, తేదీ మాత్రం ఊహించకూడదు. తిరిగి చదివి వినిపించి సరేననిపించుకోవాలి, ఎందుకంటే ఒక్క అంకె తప్పితే ఇంకొకరి బిల్లు తెరుచుకుంటుంది.
>
> ఏ అర్థమూ తేలకపోతే, లేదా మెసేజ్ ఈ సంభాషణకు సంబంధం లేని వాక్యమై, పక్కన ‘సరిగ్గా వినిపించలేదు’ అన్న గుర్తు ఉంటే, తనకు సరిగ్గా అందలేదని చెప్పాలి. ఆ మనిషి తప్పు చేసినట్టు ధ్వనించకూడదు.
>
> తెగిన తీగ, షాక్, మంట, పొగ: మెసేజ్ ఎంత చెదిరి ఉన్నా ఇలాంటి ముక్క ఒక్కటి కనిపిస్తే ముందు దూరంగా ఉండమని, 1912కి ఫోన్ చేయమని చెప్పాలి. వివరాలు ఆ తర్వాతే. అవసరం లేకుండా చెప్పినా పోయేది ఒక్క వాక్యం. చెప్పకపోతే ప్రాణం పోవచ్చు.

చివరి భాగం ఎందుకంత గట్టిగా ఉందో ఒక మెసేజ్‌తో చూద్దాం. ‘తీగ ... రోడ్డు మీద ... పిల్లలు’ అని మూడు ముక్కలు వచ్చాయి, మిగతాది రొదలో పోయింది. మొదటి ప్రతి ప్రకారం ఇది అస్పష్టం, కాబట్టి మళ్లీ స్పష్టంగా చెప్పమని జవాబు వెళ్తుంది. రెండో ప్రతిలో ఆ మనిషికి ముందుగా అందేది తీగ దగ్గరికి ఎవర్నీ పోనివ్వొద్దన్న మాట, 1912 అన్న నంబరు. తీగ పిల్లల గాలిపటానిదే అయినా నష్టమేమీ లేదు. అడగడమా ఊహించడమా అన్న ప్రశ్నకు అన్ని చోట్లా పనికొచ్చే ఒకే జవాబు లేకపోవడానికి కారణం ఇదే. పొరబడితే ఎవరికి ఏమవుతుందన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది, ఆ సంగతి నమూనాకు చెప్పగలిగింది ఆ సేవను నడిపేవాళ్లే.

రెండోసారి కూడా అర్థం కాకపోతే ఏం చేయాలన్నది మిగిలింది. ఫోన్‌లో బటన్లు నొక్కించే పాత వ్యవస్థలు దీన్ని ఎప్పుడో పరిష్కరించుకున్నాయి. వాటిని రాయడానికి వాడే వాయిస్ఎక్స్ఎంఎల్ అనే భాష రెండో సంచిక 2004 మార్చిలో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ప్రమాణంగా వచ్చింది. అందులో ఏమీ వినిపించకపోతే noinput, వినిపించింది పోల్చుకోలేకపోతే nomatch అని రెండు వేర్వేరు ఘటనలున్నాయి. ఒక్కోదానికి అది ఎన్నోసారి జరుగుతోందో చెప్పే count కూడా ఉంది. అందుకే బాగా రాసిన వ్యవస్థలో మొదటిసారి ‘ఏమన్నారు?’ అన్నంత చిన్న మాట, రెండోసారి ఏం చెప్పొచ్చో చూపే ఉదాహరణ, మూడోసారి మనిషికి కలపడం ఉండేవి.

నేటి చాట్‌లకు ఈ మెట్లు తప్పక కావాలి. అందలేదన్న వాక్యం రెండోసారి అదే మాటల్లో వస్తే మనిషికి గోడతో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. రెండోసారి రెండు మూడు ఎంపికలు చూపించాలి: బిల్లు ఎక్కువ రావడం, కట్టినది నమోదు కాకపోవడం, పేరు మార్పు. మూడోసారి ఫోన్ నంబరో, ఆఫీసు వేళలో ఇవ్వాలి. లెక్క మాత్రం ప్రోగ్రాం పెట్టుకోవాలి. పొడవైన సంభాషణలో ఇది ఎన్నోసారో నమూనా పొరబడుతుంది.

రాసిన పేరా పనిచేస్తోందో లేదో చదివి తెలుసుకోలేం. మెసేజ్‌ల జాబితా ఒకటి పెట్టుకుని దాని మీద నడపాలి. మూడు స్పేసులు, ఒక చుక్క, ప్రశ్నార్థకం ఒక్కటే, బొటనవేలి బొమ్మ, yfndng, ‘చూసినందుకు ధన్యవాదాలు’, అంకె మధ్యలో తెగిపోయిన సర్వీస్ నంబరు, పాత అను ఫాంట్లలోంచి కాపీ చేసి అతికించిన చదవలేని అక్షరాలు, ‘కరెంటు కట్ చేశారు’, మూడు ముక్కల తీగ మెసేజ్ అందులో ఉండాలి. ఒకే మెసేజ్‌కి నమూనా ప్రతిసారీ ఒకే జవాబు ఇవ్వదు కాబట్టి ఒక్కోదాన్ని పలుమార్లు నడపాలి. వీటికి సమానంగా స్పష్టమైన మెసేజ్‌లు, తప్పులున్నా అర్థమయ్యే మెసేజ్‌లు కూడా అదే జాబితాలో ఉండాలి. మొదటి రకానికి చాట్ కల్పించి జవాబిచ్చినవెన్ని, రెండో రకానికి అనవసరంగా ఎదురు ప్రశ్న వేసినవెన్ని అని రెండూ లెక్కపెట్టాలి. ఒక లెక్కే చూసేవాళ్లు, దాన్ని తగ్గించే ప్రయత్నంలో రెండోదాన్ని పెంచేస్తారు.

ఈ పరీక్షలో yfndngకి నమూనా ఒకసారి ‘బిల్లు’ అని పోల్చుకోవచ్చు, ఇంకోసారి అర్థం కాలేదనవచ్చు. రెండూ ఒప్పుకోదగ్గవే. ఇన్‌స్క్రిప్ట్ మీటల పట్టిక చిన్నది కాబట్టి, ఇలాంటి అక్షరాలను తెలుగులోకి మార్చి చూసి, తెలిసిన మాట వస్తే ‘మీరు రాసింది బిల్లు అనా?’ అని అడిగే పని ప్రోగ్రాంకే అప్పగించవచ్చు. దానికి లేని బిల్లు వివరాలు చెప్పిన జవాబు ఒక్కటి వచ్చినా పేరా మళ్లీ రాయాల్సిందే.

వెనకున్న నమూనా మారినప్పుడల్లా ఈ జాబితా మొత్తాన్ని మళ్లీ నడపాలి, ఎందుకంటే ఒక నమూనా ఊహించి జవాబిచ్చే మెసేజ్‌కి ఇంకోటి ఎదురు ప్రశ్న వేస్తుంది. ఇలాంటి చాట్‌ని నడుపుతున్నవాళ్లు, పేర్లూ నంబర్లూ తీసేసి, గత నెలలో వచ్చిన మెసేజ్‌లలో అన్నిటికన్నా పొట్టివాటిని వరుసగా పెట్టి, వాటికి వెళ్లిన జవాబులను ఒకసారి స్వయంగా చదవాలి. జాబితాలోకి ఇంకా ఏం చేర్చాలో అక్కడ దొరుకుతుంది.